మూడుకి ఒకటిన్నర: తారాకూటమి లెక్క అసలేం చెబుతుంది?

పెళ్ళిచూపుల దాకా రాకముందే సగం సంబంధాల్లో జాతకాలు చేతులు మారతాయి. అమ్మాయి వైపువాళ్ళు నక్షత్రం, పాదం వాట్సాప్‌లో పంపిస్తారు, అబ్బాయి వైపువాళ్ళు సిద్ధాంతి గారికి చూపిస్తారు. ఈ రోజుల్లో సిద్ధాంతి గారికంటే ముందు ఓ కంప్యూటర్ కాగితం వచ్చేస్తోంది. అందులో ఎనిమిది వరుసలు, చివర మొత్తం. మూడో వరుసలో ‘తార: 1.5/3’ అని కనబడగానే ఇంట్లో పెద్దావిడ ముఖం కాస్త మారుతుంది. “మూడుకి సగమే వచ్చాయండీ, తార కలవలేదేమో” అని ఫోన్ చేస్తుంది. ఆ సగం మార్కు వెనక ఉన్నది ఏ లోపమూ కాదు, ఒక చిన్న కూడిక. ఆ కూడిక చూస్తే చాలామంది తల్లిదండ్రుల బెంగ సగం తగ్గుతుంది.

వధూవరుల పొంతనకు మనవాళ్ళు చూసే అష్టకూటాల్లో వర్ణానికి 1, వశ్యానికి 2, తారకు 3, యోనికి 4, గ్రహమైత్రికి 5, గణానికి 6, రాశికి 7, నాడికి 8 గుణాలు. అన్నీ కలిపితే 36. పద్దెనిమిది దాటితే ముందుకు వెళ్ళవచ్చనేది వాడుక. కాశీలో రామ దైవజ్ఞుడు 1600 ప్రాంతంలో రాసిన ముహూర్త చింతామణి ఈ పద్ధతికి పెద్ద ఆధారం. చాలా తెలుగు పంచాంగాల చివర కనిపించే వధూవర గుణమేళన చక్రం కూడా ఈ 36 గుణాల లెక్కే. అందులో తార వాటా పన్నెండో వంతు. దీన్నే దినకూటమి అని కూడా అంటారు. దంపతుల ఆయురారోగ్యాలు, కలిసివచ్చే కాలం ఎలా ఉంటాయో ఇది చెబుతుందని నమ్మకం.

లెక్కపెట్టే పద్ధతి చాలా తేలిక. అశ్విని నుంచి రేవతి దాకా నక్షత్రాలు ఇరవై ఏడు. అమ్మాయి జన్మనక్షత్రాన్ని ఒకటిగా పట్టుకుని అబ్బాయి నక్షత్రం వచ్చేదాకా వరుసగా లెక్కపెట్టాలి. వచ్చిన సంఖ్య తొమ్మిది దాటితే తొమ్మిదితో భాగించి శేషం తీసుకోవాలి. శేషం ఒకటైతే జన్మతార, రెండైతే సంపత్తార, మూడు విపత్తార, నాలుగు క్షేమతార, ఐదు ప్రత్యక్తార, ఆరు సాధనతార, ఏడు నైధనతార, ఎనిమిది మిత్రతార. శేషం సున్నా వస్తే అది తొమ్మిదో తార, పరమమిత్రతార. పేర్లలోనే ఫలితం ఉంది. సంపద, క్షేమం, సాధన, మిత్రత్వం మంచివి. విపత్తు, ఎదురు నిలిచే శత్రువు, మరణం అనే అర్థాలున్న మూడు, ఐదు, ఏడు చెడ్డవి. ఒకటోదైన జన్మతార దగ్గర మాత్రం పండితులు అందరూ ఒక మాట మీద ఉండరు.

ఇక్కడ రెండు పొరపాట్లు తరచూ జరుగుతాయి. అమ్మాయి నక్షత్రాన్ని వదిలేసి పక్క నక్షత్రం నుంచి ఒకటి మొదలుపెట్టడం మొదటిది. దాంతో లెక్క ఒక మెట్టు కిందికి జారి, సంపత్తార జన్మతారగా, క్షేమతార విపత్తారగా మారిపోతుంది. శేషం సున్నా అనగానే ‘సున్నా గుణాలు’ అనుకుని కంగారుపడటం రెండోది. నిజానికి సున్నా శేషం ఉన్నవాటిలోకెల్లా మంచి తార.

ఒక జంటను తీసుకుందాం. అమ్మాయిది రోహిణి, అబ్బాయిది పుష్యమి. రోహిణి ఒకటి, మృగశిర రెండు, ఆరుద్ర మూడు, పునర్వసు నాలుగు, పుష్యమి ఐదు. అంటే అబ్బాయి నక్షత్రం అమ్మాయికి ప్రత్యక్తార. పెద్దావిడ ఫోన్ చేసింది ఇందుకే. అయితే గుణమేళనంలో లెక్క ఇక్కడితో ఆగదు. అబ్బాయి నక్షత్రం నుంచి అమ్మాయి నక్షత్రానికి కూడా లెక్కపెట్టాలి. పుష్యమి నుంచి రేవతి దాకా ఇరవై, అక్కణ్ణుంచి అశ్విని, భరణి, కృత్తిక, రోహిణి మరో నాలుగు, మొత్తం ఇరవై నాలుగు. తొమ్మిదితో భాగిస్తే శేషం ఆరు, సాధనతార. ఒకవైపు చెడు, ఒకవైపు మంచి. ఒక్కో వైపుకి ఒకటిన్నర చొప్పున ఉన్న మూడు గుణాల్లో ఒకటిన్నర దక్కింది. రెండు వైపులా మంచిదైతే మూడు, రెండు వైపులా చెడ్డదైతే సున్నా అని పుస్తకాలు చెబుతాయి.

అయితే రెండు వైపులా చెడ్డ తార రావడం అసలు సాధ్యమేనా?

కాదు. వేళ్ళ మీద లెక్కతోనే ఇది తేలిపోతుంది. నక్షత్రాలు చక్రంలా తిరిగే వరుస. అమ్మాయి నుంచి అబ్బాయికి, మళ్ళీ అబ్బాయి నుంచి అమ్మాయికి లెక్కపెడితే మొత్తం చక్రం ఒకసారి చుట్టి వస్తాం. మధ్యలో ఉన్న నక్షత్రాలన్నీ ఒక్కొక్కసారే లెక్కలోకి వస్తాయి. చివర్లలో ఉన్న ఇద్దరి నక్షత్రాలు మాత్రం రెండేసి సార్లు వస్తాయి. అందుకని రెండు లెక్కల మొత్తం ఎప్పుడూ ఇరవై ఏడుకి రెండు కలిపి ఇరవై తొమ్మిదే. రోహిణి, పుష్యమి విషయంలో ఐదు, ఇరవై నాలుగు కలిపితే అదే సంఖ్య. ఇరవై తొమ్మిదిని తొమ్మిదితో భాగిస్తే రెండు మిగులుతుంది కాబట్టి రెండు తారల సంఖ్యలు కలిపితే పదకొండు కావాలి, లేదంటే ఇద్దరిదీ జన్మతారై రెండు కావాలి. ఇంకో దారి లేదు.

ఇప్పుడు చెడ్డ తారలకు జోడీలు చూడండి. మూడుకు జోడీ ఎనిమిది, ఐదుకు ఆరు, ఏడుకు నాలుగు. ఒకవైపు విపత్తు అయితే అవతలివైపు తప్పకుండా మిత్రతార, ఒకవైపు ప్రత్యక్ అయితే అవతల సాధన, ఒకవైపు నైధనం అయితే అవతల క్షేమం. మిగిలినవి రెండు జోడీలే. రెండుకు తొమ్మిది, ఒకటికి ఒకటి. వీటిలో చెడ్డది లేదు కనక మూడుకు మూడూ వస్తాయి. జన్మతారను మంచిదిగా లెక్కించే ఈ పద్ధతిలో తారకు వచ్చే గుణాలు రెండే రకాలు, మూడు లేదా ఒకటిన్నర. సున్నా అనే గడి పుస్తకంలో ఉంటుందేగానీ ఏ జంటా అందులో పడదు. ఇన్ని వందల ఏళ్ళుగా ఆ గడిని అచ్చేస్తూ వస్తున్నవారు ఎప్పుడైనా గమనించారో లేదోగానీ, లెక్క మాత్రం అంతే.

ఇరవై ఏడు నక్షత్రాల అమ్మాయిలకు, ఇరవై ఏడు నక్షత్రాల అబ్బాయిలకు జోడీలు వేస్తే 729 వస్తాయి. వాటిలో 243 జోడీలకు పూర్తి మూడు గుణాలు, మిగతా 486కి ఒకటిన్నర. మూడింట రెండు వంతుల జంటలకు తారలో సగమే వస్తుంది. కాబట్టి కాగితం మీద కనిపించే 1.5 ఎక్కువ జంటలకు వచ్చే మామూలు ఫలితమే. దాన్ని ‘తారాదోషం’ అని పెద్ద అక్షరాలతో రాసి శాంతులు చేయించమనేవారు ఉంటే, ఆ లెక్కన ఊళ్ళో మూడిళ్ళలో రెండిళ్ళ దంపతులకు శాంతి బాకీ ఉన్నట్టే.

నక్షత్రాల పేర్లు మొత్తం నోటికి రానివారికి ఇంకో అడ్డదారి ఉంది. అశ్విని నుంచి తొమ్మిదేసి చొప్పున మూడు వరుసలు రాస్తే, నిలువుగా తొమ్మిది గుంపులు ఏర్పడతాయి. ఒక్కో గుంపులో మూడేసి నక్షత్రాలు, ఆ మూడింటికీ దశానాథుడు ఒక్కడే. అశ్విని, మఖ, మూల కేతువువి. భరణి, పుబ్బ, పూర్వాషాఢ శుక్రుడివి. కృత్తిక, ఉత్తర, ఉత్తరాషాఢ సూర్యుడివి. రోహిణి, హస్త, శ్రవణం చంద్రుడివి. మృగశిర, చిత్త, ధనిష్ఠ కుజుడివి. ఆరుద్ర, స్వాతి, శతభిషం రాహువువి. పునర్వసు, విశాఖ, పూర్వాభాద్ర గురుడివి. పుష్యమి, అనూరాధ, ఉత్తరాభాద్ర శనివి. చివరి గుంపు ఆశ్లేష, జ్యేష్ఠ, రేవతి బుధుడివి. ఎవరికి పుట్టినప్పుడు ఏ మహర్దశ నడుస్తోందో తెలిసినవారికి తమ గుంపు తెలిసినట్టే.

తార నిర్ణయానికి నక్షత్రంతో కూడా పనిలేదు, గుంపు తెలిస్తే చాలు. రోహిణి అమ్మాయికి పుష్యమి అబ్బాయి ఎలాగో, శ్రవణం అమ్మాయికి అనూరాధ అబ్బాయి కూడా అలాగే, నాలుగో గుంపు నుంచి ఎనిమిదో గుంపుకి ఐదో తార. ఇద్దరూ ఒకే గుంపువాళ్ళయినా, పక్కపక్క గుంపులవాళ్ళయినా మూడు గుణాలు వస్తాయి. తొమ్మిదో గుంపు పక్కన మళ్ళీ మొదటి గుంపు అని గుర్తుంచుకోవాలి. ఇవి కాక ఏ రెండు గుంపులైనా ఒకటిన్నరే. కంప్యూటర్ కాగితం కోసం ఎదురుచూడాల్సిన పని లేదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. దక్షిణాదిన, ముఖ్యంగా తమిళుల దశ పొరుత్తాల్లో, దినకూటమిని అమ్మాయి నక్షత్రం నుంచి అబ్బాయి నక్షత్రానికి ఒక్కవైపే లెక్కిస్తారు. బెంగళూరు జ్యోతిష్యుడు బి.వి. రామన్ తన ముహూర్త గ్రంథంలో చెప్పింది కూడా ఇదే. శేషం రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది, సున్నా అయితే మంచిది, మూడు గుణాలు. మన రాష్ట్రాల్లోనూ కొందరు సిద్ధాంతులు నోటి లెక్కకు ఒక్కవైపే చూసి చెబుతారు. ఈ పద్ధతిలో మన రోహిణి అమ్మాయి, పుష్యమి అబ్బాయి జంటకు వచ్చేది సున్నా. అదే అమ్మాయిది పుష్యమి, అబ్బాయిది రోహిణి అయితే శేషం ఆరు కాబట్టి మూడుకు మూడు. నక్షత్రాలు అవే, ఎవరిది ఏది అన్నది మారింది, అంతే. ఒక సిద్ధాంతి ‘తార బాగోలేదు’ అని, మరొకరు ‘ఫరవాలేదు’ అని చెప్పారంటే ఎవరూ లెక్క తప్పారని అనుకోనక్కర్లేదు. ఒకరు ఒక్కవైపు చూశారు, మరొకరు రెండువైపులా చూశారు. అడగాల్సిన ప్రశ్న ఒకటే, ఏ పద్ధతిలో చూశారండీ అని.

చెడ్డ తారల తీవ్రత కూడా అన్ని చోట్లా ఒకేలా ఉండదని పండితులు చెబుతారు. లెక్కలో వచ్చిన సంఖ్య మొదటి తొమ్మిదిలో ఉంటే మొదటి పర్యాయం, పది నుంచి పద్దెనిమిది దాకా రెండోది, ఆ తర్వాత మూడోది. మొదటి పర్యాయంలోని విపత్, ప్రత్యక్, నైధన తారలకు దోషం పూర్తిగా ఉంటుందని, రెండో పర్యాయంలో కొన్ని పాదాలకే పరిమితమని, మూడో పర్యాయంలో నామమాత్రమని వాడుక. రోహిణికి పుష్యమి ఐదోది, అంటే మొదటి పర్యాయమే. అదే రోహిణి అమ్మాయికి అనూరాధ అబ్బాయి అయితే పద్నాలుగు, రెండో పర్యాయం. ఉత్తరాభాద్ర అయితే ఇరవై మూడు, మూడో పర్యాయం. కంప్యూటర్ ఈ మూడింటినీ ఒకే గాటన కట్టి 1.5 అని వేస్తుంది. అనుభవమున్న సిద్ధాంతి చివరిదాన్ని అసలు పట్టించుకోడు.

జన్మతార సంగతి వేరు. ఇద్దరిదీ ఒకే నక్షత్రమైతే తారలో మూడు గుణాలూ వస్తాయి. కానీ నక్షత్రం ఒకటే అయితే నాడి కూడా ఒకటే కాబట్టి అక్కడ ఉన్న ఎనిమిదీ పోతాయి. ఏకనక్షత్రమైనా పాదాలు వేరైతే నాడీదోషం లేదనే మినహాయింపు ఉంది. ఏకనక్షత్రం ఏ నక్షత్రాలకు పనికొస్తుందో చెప్పే జాబితాలు ఒక్కో గ్రంథంలో ఒక్కోలా ఉంటాయి. ఇలాంటి జంట విషయంలో తార గుణాలు చూసి సంతోషించడం కన్నా పాదాలు సరిచూసుకోవడం ముఖ్యం.

మన జంట సంగతికి మళ్ళీ వద్దాం. రోహిణిది అంత్యనాడి, పుష్యమిది మధ్యనాడి. నాడులు వేరు కాబట్టి ఎనిమిదీ వచ్చాయి. వృషభానికి కర్కాటకం మూడో రాశి, రాశికూటమిలో ఏడూ వచ్చాయి. ఈ పదిహేనుకు తారలో వచ్చిన ఒకటిన్నర, మనుష్యగణం అమ్మాయికి దేవగణం అబ్బాయి కాబట్టి గణకూటమిలో వచ్చేవి చేరితే, మిగతావి చూడకుండానే పద్దెనిమిది దాటిపోతుంది. ముప్పై ఆరులో తార వాటా మూడే కనక అది ఒక్కటే సంబంధాన్ని నిలబెట్టలేదు, పడగొట్టలేదు. కూటములన్నీ కుదిరి, తారలో సగం వచ్చిందని వెనక్కి తగ్గేవాళ్ళు పద్ధతిని నమ్మినట్టు కాదు, పద్ధతిలో ఒక్క గీతను నమ్మినట్టు.

ఇవే తొమ్మిది తారలను ముహూర్తం పెట్టేటప్పుడు కూడా వాడతారు. అక్కడ రెండో మనిషి ఉండడు, జన్మనక్షత్రం నుంచి ఆ రోజు నక్షత్రానికి లెక్కపెడతారు. పురోహితులు ‘తారాబలం, చంద్రబలం చూడాలి’ అనేది దీని గురించే. తప్పనిసరై చెడ్డ తార రోజున పని పెట్టుకుంటే దానం చెబుతారు. జన్మతారకు కూరగాయలు, విపత్తారకు బెల్లం, ప్రత్యక్తారకు ఉప్పు, నైధనతారకు నువ్వులతో బంగారం. ఉప్పుకీ బంగారానికీ మధ్య ఉన్న తేడాను బట్టే ఏ తారకు ఎంత భయపడ్డారో తెలుస్తుంది.

సరదాకి వాల్మీకి రామాయణం బాలకాండను ఈ లెక్కతో చూడవచ్చు. రాముడిది పునర్వసు, భరతుడిది పుష్యమి, లక్ష్మణ శత్రుఘ్నులది ఆశ్లేష. నలుగురి పెళ్ళీ ఒకే రోజున, ఉత్తర ఫల్గునిలో జరిగింది. పునర్వసు నుంచి ఉత్తర ఆరోది, రాముడికి సాధనతార. ఆశ్లేష నుంచి నాలుగోది, లక్ష్మణ శత్రుఘ్నులకు క్షేమతార. పుష్యమి నుంచి మాత్రం ఐదోది, పాపం భరతుడికి ప్రత్యక్తార పడింది. వాల్మీకి ఈ తారల ప్రస్తావన చేయలేదు, వసిష్ఠుడు ఉప్పు దానం చేయించినట్టూ ఎక్కడా లేదు. నలుగురు అన్నదమ్ములకు ఒకే ముహూర్తం పెట్టాల్సిన పురోహితుడి కష్టం మాత్రం ఈనాటి పురోహితులకు బాగా అర్థమవుతుంది.

ఈ లెక్క అంతా నిలబడేది జన్మనక్షత్రం సరైనదైతేనే. తప్పులు ఎక్కువగా జరిగేది కూడా అక్కడే. చంద్రుడు ఒక నక్షత్రాన్ని దాటడానికి ఇంచుమించు ఒక రోజు పడుతుంది. నక్షత్రం మారే వేళకు అటూ ఇటూగా పుట్టినవారి విషయంలో పావుగంట తేడా కూడా నక్షత్రాన్ని మార్చేస్తుంది. దృక్ పంచాంగానికీ, పాత పద్ధతి పంచాంగానికీ నక్షత్రాంతం వేళలో తేడా ఉంటుంది. ఒకే పుట్టిన వేళకు ఒకరు పుష్యమి నాలుగో పాదమని, మరొకరు ఆశ్లేష మొదటి పాదమని రాసిచ్చే సందర్భాలు ఇలాంటివే. పుష్యమి స్థానంలో ఆశ్లేష వచ్చిందనుకుందాం. రోహిణి అమ్మాయికి అది ఆరో తార, ఒక్కవైపు లెక్క చూసేవారి దగ్గర సున్నా కాస్తా మూడవుతుంది. కానీ ఆశ్లేషది కూడా అంత్యనాడే, ఇప్పుడు ఎనిమిది గుణాలు పోతాయి. గణం కూడా దేవగణం నుంచి రాక్షసగణానికి మారుతుంది. తార కోసం నక్షత్రాన్ని అటో ఇటో జరిపించుకున్నవారికి దక్కేదానికంటే పోయేదే ఎక్కువ.

అమెరికాలో పుట్టిన పిల్లల జాతకాల్లో ఇంకో ఇబ్బంది. డల్లాస్‌లో వేసవికాలం రాత్రి ఎనిమిదికి పుట్టిన పిల్ల, భారత కాలమానం ప్రకారం మర్నాడు ఉదయం ఆరున్నరకు పుట్టినట్టు. తాతగారు ఇక్కడి పంచాంగంలో అదే తేదీ, రాత్రి ఎనిమిది అని చూసి నక్షత్రం రాసేస్తే పదిన్నర గంటల తేడా వస్తుంది. ఆ కాసేపట్లో చంద్రుడు నక్షత్రంలో నాలుగు వంతులు చేస్తే రెండు వంతులకు కాస్త తక్కువ దూరం కదులుతాడు. పదిమందిలో నలుగురి విషయంలో నక్షత్రమే మారిపోవచ్చు. ఇరవై ఐదేళ్ళ తర్వాత సంబంధాలు చూసేటప్పుడు బయోడేటాలో ఆ తప్పు నక్షత్రమే ఉంటుంది. పాత కాగితం మీద రాసి ఉన్న నక్షత్రంతో సరిపెట్టుకోకుండా, ఆసుపత్రి ధ్రువపత్రంలోని స్థానిక సమయాన్నీ ఊరినీ ఇచ్చి మళ్ళీ గణించుకోవడం మంచిది.

పుట్టిన వేళ తెలియనివారికి పేరులోని మొదటి అక్షరాన్ని బట్టి నామనక్షత్రం చూస్తారు. ఓ, వా, వీ, వూ అయితే రోహిణి, హూ, హే, హో, డా అయితే పుష్యమి. ఇందులో ఒక నియమం ఉంది, చాలామంది దాన్ని మరచిపోతారు. ఇద్దరికీ జన్మనక్షత్రాలైనా చూడాలి, లేదా ఇద్దరికీ నామనక్షత్రాలైనా చూడాలి. అమ్మాయి జన్మనక్షత్రానికీ అబ్బాయి నామనక్షత్రానికీ మధ్య లెక్కపెట్టిన తార, శేషం ఎంత వచ్చినా సరే, చెల్లదు.